రెండు స్విచ్‌లు, నాలుగు వరసలు: పర్సెప్ట్రాన్ ఎక్సార్ ఎందుకు నేర్చుకోలేదు

మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్ళకి న్యూరల్ నెట్‌వర్క్ లైబ్రరీలు ముట్టుకోకముందే ఒక చిన్న పని ఇస్తాను. డేటా మొత్తం నాలుగు వరసలే. మేడ మెట్ల లైటుకి కింద ఒక స్విచ్, పైన ఒక స్విచ్ ఉంటాయి కదా, ఆ డేటా. రెండు స్విచ్‌లూ ఒకే వైపు ఉంటే లైటు ఆరి ఉంటుంది, చెరో వైపు ఉంటే వెలుగుతుంది. స్విచ్‌ల స్థితిని x1, x2 అనీ, లైటుని t అనీ రాసుకుని, స్విచ్ పైకి ఉంటే 1, కిందికి ఉంటే 0, లైటు వెలిగితే 1, ఆరితే 0 అనుకుంటే ఇది అచ్చంగా ఎక్సార్ గేటు. పర్సెప్ట్రాన్ అంటే ఇన్‌పుట్లని వెయిట్లనే సంఖ్యలతో గుణించి కూడి, బయాస్ అనే ఇంకో సంఖ్య కలిపి, మొత్తం సున్నా దాటితే 1, లేకపోతే 0 అనే చిన్న మోడల్. స్విచ్‌లు చూసి లైటు వెలుగుతుందో లేదో చెప్పే పర్సెప్ట్రాన్‌ని, లైబ్రరీ లేకుండా, చేత్తో రాసి ట్రెయిన్ చెయ్యాలి. ఈమధ్య చేరిన ఒక అమ్మాయి రాసిన కోడ్, దాని లాగ్ నాకు బాగా నచ్చాయి. ఎందుకంటే ఈ సమస్యలో తెలుసుకోవాల్సిందంతా ఆ లాగ్‌లోనే ఉంది. అందుకే దాన్నే కేసుగా తీసుకుంటున్నాను.

```python
data = [((0,0),0), ((0,1),1), ((1,0),1), ((1,1),0)]
w1 = w2 = b = 0
for epoch in range(1, 101):
    wrong = 0
    for (x1, x2), t in data:
        y = 1 if w1*x1 + w2*x2 + b > 0 else 0
        e = t - y
        w1 += e*x1; w2 += e*x2; b += e
        wrong += abs(e)
    print(epoch, w1, w2, b, wrong)
```

కోడ్‌లో తప్పేమీ లేదు. ఫ్రాంక్ రోజెన్‌బ్లాట్ 1950ల చివర్లో ఇచ్చిన నియమమే ఇది. జవాబు సరిగ్గా ఉంటే వెయిట్లని ముట్టుకోదు. 1 రావాల్సిన చోట 0 వస్తే ఇన్‌పుట్‌ని వెయిట్లకి కలుపుతుంది, 0 రావాల్సిన చోట 1 వస్తే తీసేస్తుంది. ముందు ఆండ్ గేటు ఇచ్చి చూడమన్నాను. డేటా మొత్తాన్ని ఒకసారి చూడటం ఒక ఎపాక్. సున్నా వెయిట్లతో మొదలుపెడితే ఐదో ఎపాక్ అయ్యేసరికి w1=2, w2=1, b=-2 దగ్గరికి వచ్చింది. ఆరో ఎపాక్‌లో ఒక్క తప్పు కూడా లేదు. అంటే కోడ్ మీద అనుమానం అక్కర్లేదు. తర్వాత పైన ఉన్న ఎక్సార్ డేటా పెట్టి నడిపితే ఇలా వచ్చింది:

```
1 -1 0 0 2
2 -1 0 1 3
3 -1 0 1 4
4 -1 0 1 4
5 -1 0 1 4
```

వందో ఎపాక్ వరకూ ఇదే వరస. మొదటి అంకె ఎపాక్, తర్వాతి మూడూ w1, w2, b, చివరిది తప్పుల లెక్క.

ఆ అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న ఇది: "వెయిట్లు ఆగిపోయాయి కదా సార్, కన్వర్జ్ అయినట్టేనా?"

"చివరి కాలమ్ చూడమ్మా. నాలుగింటికి నాలుగూ తప్పు చెప్తోంది. తప్పు చెప్పిన ప్రతిసారీ వెయిట్లు మారాలి. మరి మారకుండా ఎలా ఉన్నాయి?"

ప్రింట్‌ని లోపలి లూప్‌లోకి జరిపితే జవాబు దొరికింది. మూడో ఎపాక్ మొదట్లో (w1, w2, b) విలువలు (-1, 0, 1). మొదటి వరస (0,0) వచ్చింది. మొత్తం 1, సున్నా కన్నా ఎక్కువ, కాబట్టి లైటు వెలుగుతుందంది. తప్పు. బయాస్ ఒకటి తగ్గి (-1, 0, 0) అయింది. తర్వాత (0,1). మొత్తం సున్నా, లైటు ఆరి ఉందంది. తప్పు. (-1, 1, 1) అయింది. తర్వాత (1,0). మళ్ళీ సున్నా, మళ్ళీ తప్పు. (0, 1, 2) అయింది. ఆఖరిది (1,1). మొత్తం 3, లైటు వెలుగుతుందంది. తప్పు. వెయిట్లు తిరిగి (-1, 0, 1)కి వచ్చాయి. అంటే వెయిట్లు ఆగలేదు, నాలుగు అడుగులు తిరిగి బయల్దేరిన చోటికే చేరుతున్నాయి. ఎపాక్ చివర మాత్రమే ప్రింట్ చేస్తే నిలబడినట్టు కనిపిస్తుంది. పదివేల ఎపాక్‌లు తిప్పినా ఇంతే. ఒక్కో తప్పుకి వెయిట్లని ఎంత కదపాలో చెప్పే లెర్నింగ్ రేటు తగ్గించినా లాభం లేదు. సున్నా నుంచి మొదలైనప్పుడు వెయిట్లన్నీ అదే నిష్పత్తిలో చిన్నవవుతాయి, తిరగడం మాత్రం అదే. వరసల క్రమం ప్రతిసారీ కలిపేస్తే తిరిగే దారి మారుతుంది, తప్పులు మాత్రం ఎప్పటికీ సున్నా కావు.

ఎందుకు కావో చెప్పడానికి పెద్ద లెక్కలు అక్కర్లేదు. పర్సెప్ట్రాన్ నాలుగు వరసలకీ సరైన జవాబు చెప్పాలంటే ఈ నాలుగూ ఒకేసారి నిజం కావాలి:

```
(0,0) -> 0 :  b <= 0
(0,1) -> 1 :  w2 + b > 0
(1,0) -> 1 :  w1 + b > 0
(1,1) -> 0 :  w1 + w2 + b <= 0
```

మధ్య రెండింటినీ కూడితే w1 + w2 + 2b సున్నా కన్నా ఎక్కువ. మొదటిదాన్నీ చివరిదాన్నీ కూడితే అదే w1 + w2 + 2b సున్నా గానీ, అంతకన్నా తక్కువ గానీ. ఒకే సంఖ్య రెండు రకాలుగానూ ఉండలేదు. అంతే, నిరూపణ అయిపోయింది. ఇందులో లెర్నింగ్ రేటు లేదు, ఎపాక్‌ల ఊసు లేదు, ట్రెయినింగ్ పద్ధతే లేదు. ప్రపంచంలో ఉన్న ఏ మూడు సంఖ్యలు తెచ్చి పెట్టినా ఈ నాలుగు షరతులూ తీరవు. నేర్చుకోవడానికి అక్కడ ఏమీ లేనప్పుడు ఏ అల్గారిథమ్ అయినా ఏం చేస్తుంది?

కాగితం మీద గీసి చూస్తే ఇదే సంగతి కంటికి కనిపిస్తుంది. నాలుగు ఇన్‌పుట్లూ ఒక చతురస్రం నాలుగు మూలలు. లైటు వెలిగే రెండు మూలలు ఒక కర్ణం మీద, ఆరే రెండు మూలలు ఇంకో కర్ణం మీద ఉన్నాయి. పర్సెప్ట్రాన్ చేయగలిగింది ఒక్కటే, ఒక తిన్నని గీత గీసి ఇటువైపంతా 1, అటువైపంతా 0 అనడం. రెండు కర్ణాలూ మధ్యలో ఒకదాన్నొకటి ఖండించుకుంటాయి కాబట్టి వాటిని విడదీసే తిన్నని గీత ఉండదు. రెండు ఇన్‌పుట్ల మీద రాయగలిగే లాజిక్ ఫంక్షన్లు మొత్తం 16. వాటిలో 14 ఒక గీతకి లొంగుతాయి. లొంగనివి ఎక్సార్, దాన్ని తిరగేసిన ఎక్స్‌నార్, ఆ రెండే.

ఉద్యోగంలో పనికొచ్చే సంగతి ఒకటి ఇక్కడే ఉంది. ఈ నాలుగు వరసల్లో x1 ఒక్కదానికీ లైటుకీ సంబంధం ఎంతో లెక్కేయండి. x1 = 0 ఉన్న రెండు వరసల్లో ఒకదాంట్లో లైటు వెలిగింది, x1 = 1 ఉన్న రెంటిలోనూ అంతే. కోరిలేషన్ సరిగ్గా సున్నా. x2 కూడా అంతే. నిజం డేటాలో కాలమ్‌లు వందల్లో ఉన్నప్పుడు, టార్గెట్‌తో ఒక్కొక్క కాలమ్ కోరిలేషన్ చూసి తక్కువ ఉన్నవి తీసేయడం చాలామందికి అలవాటు. ఎక్సార్ తరహా సంబంధం ఉన్న రెండు కాలమ్‌లు ఆ జల్లెడలో రెండూ జారిపోతాయి. విడివిడిగా అవి ఏమీ చెప్పవు, కలిస్తేనే మొత్తం చెప్తాయి. ట్రెయినింగ్ డేటా మీదే యాక్యురసీ సగం దగ్గరా ముప్పావు దగ్గరా ఆగిపోయి, డేటా పెంచినా కదలకపోతే నేను మొదట అనుమానించేది దీన్నే. అది మోడల్ డేటాని బట్టీ పట్టే ఓవర్‌ఫిట్టింగ్ కాదు. మోడల్ గీయగలిగే ఆకారంలోనే ఆ జవాబు లేదన్నమాట. ఎక్సార్‌లో ఒక గీతతో నాలుగింటికి మూడు సరిగ్గా తెచ్చుకోవచ్చు, నాలుగోది ఎప్పటికీ రాదు.

ఇక హిడెన్ లేయర్, అంటే ఇన్‌పుట్లకీ చివరి యూనిట్‌కీ మధ్య ఉండే యూనిట్ల పొర. ఇక్కడ కూడా ట్రెయినింగ్ జోలికి పోకుండా వెయిట్లు చేత్తో పెట్టమన్నాను. మధ్యలో రెండు యూనిట్లు, రెండూ పైన ఉన్న పర్సెప్ట్రాన్ లాంటివే. h1 అనేది ఆర్ గేటు, కనీసం ఒక స్విచ్ పైకి ఉందా అని అడుగుతుంది. h2 ఆండ్ గేటు, రెండూ పైకి ఉన్నాయా అని అడుగుతుంది. చివరి యూనిట్ స్విచ్‌లని చూడదు, h1, h2లని మాత్రమే చూస్తుంది:

```
h1 = 1 if x1 + x2 - 0.5 > 0 else 0
h2 = 1 if x1 + x2 - 1.5 > 0 else 0
y  = 1 if h1 - h2 - 0.5 > 0 else 0
```

నాలుగు వరసలూ ఒక్కొక్కటే వేసి చూడండి. (0,0)కి h1, h2 రెండూ 0, మొత్తం -0.5, లైటు ఆరి ఉంది. (0,1)కి h1 = 1, h2 = 0, మొత్తం 0.5, వెలిగింది. (1,0)కి కూడా h1 = 1, h2 = 0, కాబట్టి అదే జవాబు. (1,1)కి రెండూ 1, మళ్ళీ -0.5, ఆరి ఉంది. నాలుగూ సరే.

"గీతలు రెండయ్యాయి కాబట్టి పనైపోయింది కదా సార్?" అంది ఆ అమ్మాయి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. రెండు గీతల మధ్య పట్టీలో 1, బయట 0 అన్న మాట నిజమే. కానీ పట్టీ అంటే ఏమిటో తెలియని చివరి యూనిట్ దాన్ని ఎలా పట్టుకుంది? అది కూడా మామూలు పర్సెప్ట్రానే కదా, దానికి గీయడం వచ్చింది ఒక్క తిన్నని గీతే. అందుకే (h1, h2)లని రెండు అక్షాలుగా పెట్టి ఇంకో బొమ్మ గీయమన్నాను. అందులో (0,0) మూలలోనే ఉంది. (1,1) తన మూలలోనే ఉంది. లైటు వెలిగే (0,1), (1,0) మాత్రం రెండూ వచ్చి ఒకే చోట, (1,0) మీద పడ్డాయి. నాలుగు మూలలకి బదులు ఇప్పుడు మూడు మూలలే. మూడు మూలల్లో ఒకదాన్ని మిగతా రెండింటి నుంచి విడదీయడానికి ఒక్క తిన్నని గీత చాలు.

హిడెన్ లేయర్ చేసిన అసలు పని ఇదే. చివరి యూనిట్‌కి కొత్త శక్తేమీ రాలేదు. ఇన్‌పుట్ల చోట్లు మార్చి, దానికి చేతనైన లెక్కని దాని ముందు పెట్టారు. ఏ స్విచ్ పైకి ఉందన్న సమాచారం లైటుకి అక్కర్లేదు, ఎన్ని పైకి ఉన్నాయన్నదే కావాలి. ఆ అక్కర్లేని తేడాని హిడెన్ లేయర్ చెరిపేసింది.

ఆ చెరపడం జరగాలంటే మధ్య యూనిట్ దగ్గర మెలిక ఉండాలి. పై కోడ్‌లో అది ఆ `> 0` అన్న పోలిక. దాన్ని తీసేసి h1, h2లని ఉత్త కూడికలుగా వదిలేస్తే చివర వచ్చేది కూడికల కూడిక, అంటే మళ్ళీ x1, x2, ఒక స్థిర సంఖ్య మాత్రమే ఉన్న కూడిక. అలాంటి లేయర్లు పది పేర్చినా అది ఒక్క పర్సెప్ట్రానే, ముందు రాసిన నాలుగు షరతులూ దాన్ని అక్కడే ఆపేస్తాయి.

చరిత్రలో దీని గురించి సగమే చెప్పుకుంటారు. మార్విన్ మిన్‌స్కీ, సేమూర్ పాపర్ట్ 1969లో 'పర్సెప్ట్రాన్స్' పుస్తకం రాసి పర్సెప్ట్రాన్‌కి ఎక్సార్ చేతకాదని చూపించారు, అంతటితో అందరూ వదిలేశారు అన్నది ఆ సగం. మిగతా సగం ఏమిటంటే, లేయర్లు పేరిస్తే ఏ లాజిక్ ఫంక్షన్ అయినా కట్టొచ్చని అప్పటికే తెలుసు, 1943లో మెకల్లక్, పిట్స్ రాసిన వ్యాసం నాటి నుంచే తెలుసు. అంతెందుకు, రోజెన్‌బ్లాట్ కట్టిన మార్క్ 1 యంత్రంలోనే 400 ఫోటోసెల్స్‌కీ చివరి యూనిట్లకీ మధ్య 512 యూనిట్ల పొర ఒకటి ఉంది. కాకపోతే ఫోటోసెల్స్ నుంచి ఆ పొరకి వెళ్ళే వైర్లు ముందే ఎలా పడితే అలా బిగించినవి. అక్కడ నేర్చుకోవడం లేదు, నేర్చుకోవడమంతా ఆ పొర నుంచి చివరి యూనిట్లకి వెళ్ళే వెయిట్లలోనే. కాబట్టి లేనిది మధ్య పొర కాదు, మధ్య పొరకి నేర్పే పద్ధతి.

నేర్పడం ఎందుకు కష్టమో మన నాలుగు వరసల్లోనే కనిపిస్తుంది. (1,1)కి జవాబు తప్పొస్తే చివరి యూనిట్‌ని దిద్దడం తేలిక, అక్కడ 0 రావాలని డేటాలోనే ఉంది. మరి h1కి ఎంత రావాలి? h2కి ఎంత రావాలి? డేటాలో ఆ కాలమ్‌లు లేవు. తప్పులో ఎవరి వాటా ఎంతో తెలియాలంటే, h1ని కొంచెం కదిపితే చివరి తప్పు ఎంత కదులుతుందో చూడాలి. కానీ 0 నుంచి 1కి ఒక్కసారిగా దూకే పోలికకి వాలు ఎక్కడా ఉండదు. కొంచెం కదిపితే ఏమీ కదలదు. ఆ దూకుడు బదులు సిగ్మాయిడ్ లాంటి నున్నని వంపు పెడితే వాలు వస్తుంది, చివరి తప్పుని ఆ వాలుల గుండా వెనక్కి పంచొచ్చు. అదే బ్యాక్‌ప్రొపగేషన్. రూమెల్‌హార్ట్, హింటన్, విలియమ్స్ 1986లో దీన్ని అందరికీ తెలిసేలా చేశారు. అప్పుడు వాళ్ళు చూపించిన ఉదాహరణల్లో ఎక్సార్ కూడా ఉంది.

ఇక ట్రెయినింగ్. రెండు ఇన్‌పుట్లు, రెండు హిడెన్ యూనిట్లు, ఒక అవుట్‌పుట్, లాస్‌గా తప్పుల వర్గాల సగటు. అంత చిన్న నెట్‌వర్క్ కూడా ప్రతిసారీ నేర్చుకోదు. అయితే ఆగిపోయిన చోట లాస్ అంకె ఎంతో చూస్తే కారణం చాలావరకు తెలిసిపోతుంది.

లాస్ 0.25 దగ్గర ఉందంటే నాలుగు వరసలకీ నెట్‌వర్క్ 0.5 అంటోంది. తప్పు అన్ని చోట్లా సగం, దాని వర్గం 0.25. తిన్నని గీత మాత్రమే వచ్చిన మోడల్‌కి ఈ డేటా మీద అంతకన్నా మంచి లాస్ రాదు. కాబట్టి మొదట చూడాల్సింది మధ్య యూనిట్లకి మెలిక ఇచ్చే యాక్టివేషన్ ఫంక్షన్ పెట్టడం మరిచిపోయారా అని. రెండోది, వెయిట్లన్నీ సున్నాతో మొదలుపెట్టారా అని. పర్సెప్ట్రాన్‌కి సున్నా ఆరంభం పనికొచ్చింది, ఇక్కడ పనికిరాదు. సిగ్మాయిడ్ యూనిట్లు రెండూ 0.5 ఇస్తాయి, అవుట్‌పుట్ కూడా 0.5. రెండు వరసలు పైకి లాగితే రెండు కిందికి లాగుతాయి. నాలుగు వరసలనీ కలిపి ఒకేసారి దిద్దే పద్ధతిలో వాటి వాలు, అంటే గ్రేడియెంట్, మొత్తం సున్నా, వెయిట్లు కదలనే కదలవు. సున్నా కాకపోయినా రెండు యూనిట్లకీ ఒకే వెయిట్లు ఇచ్చి మొదలుపెడితే అవి కవలల్లా కలిసే మారతాయి. రెండు ఉన్నా ఒకటి ఉన్నట్టే. ఒక్క హిడెన్ యూనిట్‌తో ఎక్సార్ రాదు, ఎందుకంటే ఒక్క గీత మీది విలువని ఎంత వంచినా దాని ఎక్కువ తక్కువల క్రమం మారదు. రాండమ్ వెయిట్లతో మొదలుపెట్టేది ఈ కవల పోలిక చెడగొట్టడానికే. రాండమ్ వెయిట్లు మరీ చిన్నవైతే కూడా లాస్ చాలాసేపు 0.25 దగ్గర బద్ధకంగా ఉండి తర్వాత ఒక్కసారిగా పడుతుంది. అప్పుడు గ్రేడియెంట్ ప్రింట్ చేస్తే చిన్నదే అయినా సున్నా కాదు, కాబట్టి ఓపిక పట్టొచ్చు.

రెండో అంకె 0.1667. సిగ్మాయిడ్ బదులు, మొత్తం సున్నా కన్నా తక్కువైతే 0, లేకపోతే ఉన్నదున్నట్టు ఇచ్చే రెలు వాడి, అవుట్‌పుట్‌ని ఉత్త కూడికగా ఉంచినప్పుడు ఇది తగులుతుంది. ఆ అమ్మాయి లాగ్‌లో ఒకసారి అక్కడే ఆగింది. అవుట్‌పుట్లు చూస్తే (1,0)కి కచ్చితంగా 1, మిగతా మూడింటికీ 0.333. హిడెన్ విలువలు ప్రింట్ చేస్తే ఒక యూనిట్ నాలుగు వరసలకీ 0 ఇస్తోంది. ఇంకోటి (1,0)కి మాత్రమే పనిచేస్తోంది. మిగిలిన మూడు వరసల మధ్య తేడా నెట్‌వర్క్‌కి కనిపించట్లేదు, అందుకని వాటి సగటు 1/3 చెప్పేస్తోంది. లెక్కేస్తే తప్పుల వర్గాలు 1/9, 1/9, 4/9, 0. కూడి నాలుగుతో భాగిస్తే 1/6, అంటే 0.1667. ఇక్కడ ఓపిక పట్టి లాభం లేదు. పనిచేస్తున్న యూనిట్‌కి తన వరసలో తప్పు లేదు, చచ్చిపోయిన యూనిట్‌కి ఏ వరసలోనూ వాలు లేదు. అన్ని గ్రేడియెంట్లూ సున్నా. మళ్ళీ కొత్త రాండమ్ వెయిట్లతో మొదలుపెట్టాలి, లేదా హిడెన్ యూనిట్లు పెంచాలి. లెక్క ప్రకారం రెండు చాలు. అయినా నాలుగో ఎనిమిదో పెడితే ఒకటి రెండు చచ్చినా మిగిలినవి పని కానిస్తాయి. ఎక్కువ యూనిట్లు పెట్టేది సాధ్యం కానిదాన్ని సాధ్యం చేయడానికి కాదు, దొరికే అవకాశం పెంచడానికి.

నేర్చుకున్న నెట్‌వర్క్‌ని విప్పి చూస్తే మనం చేత్తో పెట్టిన ఆర్, ఆండ్ జంటే ఉండాలని లేదు. తర్వాత నడిపినప్పుడు ఆ అమ్మాయి నెట్‌వర్క్ రెలులో x1 - x2 ఒక యూనిట్‌కీ, x2 - x1 ఇంకో యూనిట్‌కీ పెట్టుకుని రెండిటినీ కూడింది. వెయిట్లు ఇంత గుండ్రంగా రాలేదు గానీ రూపం అదే. ఒకటి "కింది స్విచ్ మాత్రమే పైకి ఉంది" అంటుంది, ఇంకోటి "పై స్విచ్ మాత్రమే పైకి ఉంది" అంటుంది. ఇది కూడా సరైన జవాబే. ఇందులో లైటు వెలిగే రెండు మూలలు ఒకటి కాలేదు. ఆరే రెండు మూలలే (0,0) మీద ఒకటయ్యాయి. ఏ కర్ణాన్ని మడిచినా గీత గీయడానికి చోటు దొరుకుతుంది.

ఆఖరుగా ఆ అమ్మాయికి ఇచ్చిన పని మూడు అంతస్తుల మెట్లు. మధ్య అంతస్తులో ఇంకో స్విచ్, ఏ స్విచ్ తిప్పినా లైటు మారాలి. ఇప్పుడు వరసలు ఎనిమిది. పైకి ఉన్న స్విచ్‌లు బేసి సంఖ్యలో ఉంటే వెలుగు. దాన్ని కూడా ముందు చేత్తోనే కట్టింది. కనీసం ఒకటి, కనీసం రెండు, మూడూ అని మూడు హిడెన్ యూనిట్లు పెట్టి, చివర `h1 - h2 + h3 - 0.5 > 0` అని రాసింది. స్విచ్‌లు 0, 1, 2, 3 పైకి ఉన్నప్పుడు మొత్తం వరుసగా -0.5, 0.5, -0.5, 0.5 వచ్చింది. ఈ పద్ధతిలో ప్రతి కొత్త స్విచ్‌కీ ఒక హిడెన్ యూనిట్ పెరుగుతుంది, వరసలు మాత్రం ప్రతిసారీ రెట్టింపవుతాయి.